పడమటి బాల్కనీలో ఎండాకాలం: ఏ షేడ్ నెట్, ఏ మల్చింగ్?

షాపుకెళ్లి బాల్కనీ మొక్కలకు షేడ్ నెట్ కావాలంటే చాలాచోట్ల చేతిలో పెట్టేది ఆకుపచ్చ 75 శాతం నెట్, అంటే వెలుతురులో 75 శాతాన్ని ఆపేది. ఎండ మరీ ఎక్కువంటే 90 శాతం. ఎండ ఎంత తీవ్రమైతే నెట్ అంత దట్టంగా ఉండాలన్నది అందులో ఉన్న లెక్క. ఆరుబయట, నెత్తిన ఆకాశం మొత్తం తెరిచి ఉన్న నర్సరీకి ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. బాల్కనీకి నడవదు. పైన స్లాబు, వెనక గోడ, చాలా ఇళ్లలో పక్కన కూడా గోడలే. అంటే నెట్ కట్టకముందే సగానికి పైగా ఆకాశం మూసుకుపోయి ఉంది. దాని మీద 75 శాతం నెట్ రాత్రింబవళ్లు బిగించేస్తే మొక్క మాడదు, నిజమే. కానీ గులాబీ పూయదు, మిరప కాయదు, కొమ్మలు సన్నగా పొడుగ్గా సాగి వాలిపోతాయి.

పడమటి బాల్కనీకి మా సలహా ముందే చెప్పేస్తాం. 50 శాతం నెట్ తీసుకుని కర్టెన్‌లా వేలాడదీయండి. మధ్యాహ్నం పన్నెండున్నరకి లాగి, సాయంత్రం ఐదున్నర దాటాక తీసేయండి. కుండీల్లో మట్టి మీద రెండంగుళాల మల్చింగ్, అంటే తొక్కలు, గడ్డి లాంటివాటితో మట్టిని కప్పే పొర, వేయండి. ఇందులో ఏది ఎందుకు, ఎవరికి ఇది సరిపోదు అన్నదే మిగతాదంతా.

మీ బాల్కనీకి అసలు నెట్ అవసరమా?

మార్చి 21 తర్వాత సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ వస్తాడు. తిరుపతిలో ఏప్రిల్ ఆఖరుకి, విజయవాడలో మే మొదటి వారానికి, హైదరాబాద్, విశాఖల్లో మే రెండో వారానికి మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి చేరతాడు. ఆ తర్వాత ఇంకా ఉత్తరానికి వెళ్తాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి మన దగ్గర సూర్యుడు పొద్దున్నించి సాయంత్రం దాకా ఉత్తరం వైపునే ఉంటాడు. కాబట్టి దక్షిణం వైపు బాల్కనీలోకి మే మధ్య నుంచి జులై ఆఖరు దాకా నేరుగా ఎండ పడదు. ఎదురింటి అద్దాల నుంచి ప్రతిఫలించి కొట్టే ఎండకి తప్ప అక్కడ నెట్‌తో పనే లేదు, మల్చింగ్ చాలు. తూర్పు బాల్కనీలో ఎండ పదకొండు దాటాక జారిపోతుంది. అక్కడా మల్చింగ్ చాలు. ఉత్తరం వైపు మే, జూన్ నెలల్లో పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ కాస్త తగులుతుంది, దానికి ఖర్చు పెట్టక్కర్లేదు.

చిక్కంతా పడమరతోనే. ఉదయం తొమ్మిదింటికీ మధ్యాహ్నం మూడింటికీ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే ఎత్తులో ఉంటాడు, ఎండ బలం కూడా ఇంచుమించు ఒకటే. తేడా చుట్టూ ఉన్నవాటిలో ఉంది. మూడింటికి గాలి వేడి ఆ రోజుకి పతాక స్థాయిలో ఉంటుంది, గాలిలో తేమ అట్టడుగున ఉంటుంది, పొద్దున పోసిన నీళ్లలో చాలా భాగం అప్పటికే ఆవిరైపోయి ఉంటుంది, వెనక గోడ కూడా కాగి సెగ కొడుతుంటుంది. అదే ఎండ తూర్పు బాల్కనీలో మొక్కని పెంచుతుంది, పడమటి బాల్కనీలో కాలుస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. ఈ ఎండ పైనుంచి పడేది కాదు, పక్కనుంచి దూసుకొచ్చేది. మేలో రెండింటికి సూర్యుడు నేల నుంచి అరవై డిగ్రీలకు కాస్త పైన, మూడింటికి దాదాపు 48 డిగ్రీలు, నాలుగింటికి 34 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. స్లాబు కింద అడ్డంగా, పందిరిలా నెట్ కట్టించుకునేవాళ్లున్నారు. పైన స్లాబు ఉన్నచోట ఆ నెట్ ఆపడానికి ఎండే లేదు. టెర్రస్‌కి పందిరి, బాల్కనీకి తెర.

నెట్: శాతం, రంగు, అల్లిక

శాతం అంటే నెట్ ఆపే వెలుతురు. 50 శాతం నెట్ సగం ఆపి సగం వదులుతుంది. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. నడి వేసవి మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ అనుకుంటే 50 శాతం నెట్ వెనక 50 వేలు, 75 వెనక 25 వేలు, 90 వెనక 10 వేలు మిగులుతాయి. గులాబీ, మిరప, టమాటా, కరివేపాకు, తులసి 50 వేలతో హాయిగా బతుకుతాయి. కొత్తిమీర, పాలకూర లాంటి ఆకుకూరలు, ఫెర్న్‌లు, ఇంట్లో పెంచే మొక్కలకి 25 వేలు చాలు. 10 వేలు అంటే మనీప్లాంట్‌కి, స్నేక్ ప్లాంట్‌కి సరిపోయే వెలుతురు. 90 శాతం నెట్ మనుషులకి చాటు కోసం కట్టుకునేది, మొక్కలకి కాదు.

అలాగని 75 పనికిరాదని కాదు. పదకొండింటికి ఇంటికి తాళం వేసి రాత్రికి గానీ రానివాళ్లు కర్టెన్ లాగలేరు. పైగా ఉన్నవన్నీ ఆకుకూరలు, ఆకు అందం కోసం పెంచే మొక్కలే అయితే 75 బిగించేసినా నష్టం తక్కువ. అదే పూలు, కాయలు కావాలనుకుంటూ నెట్ లాగే తీరిక లేకపోతే 50 శాతాన్నే బిగించి ఉంచండి, 75 జోలికి వెళ్లకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో 35 శాతం కూడా ఆలోచించదగ్గదే. నెల్లూరు, విజయవాడ, రామగుండం లాంటిచోట్ల 35 చాలదు.

రంగు గురించి షాపులో ఎవరూ చెప్పరు. ఆకుపచ్చది కంటికి బాగుంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ మొక్కకి ఎక్కువగా పనికొచ్చే ఎరుపు, నీలం వెలుగుని అది కోసేసి, తక్కువగా పనికొచ్చే ఆకుపచ్చ వెలుగుని వదులుతుంది. నలుపు అన్ని రంగులనీ సమానంగా తగ్గిస్తుంది, ఎండకి ఎక్కువ కాలం మన్నుతుంది. దాని లోపం అది వేడెక్కడం. అందుకే ఆకులకి ఆనుకోకుండా ఉండాలి. తెలుపు ఎండని వెనక్కి కొట్టి, లోపలికి వచ్చిన వెలుతురుని చెదరగొట్టి పంచుతుంది. చిన్న బాల్కనీకి తెలుపే మంచిది, కాకపోతే దుమ్ము పట్టి ఒక్క సీజన్‌లోనే మాసిపోతుంది, దుమ్ము పట్టినకొద్దీ వెలుతురు తగ్గుతుంది. నెలకోసారి పైపుతో కడగగలిగితే తెలుపు, లేకపోతే నలుపు లేదా నలుపు ఆకుపచ్చ కలిసినది. వెండి రంగు అల్యూమినియం నెట్ అన్నిటికన్నా చల్లగా ఉంచుతుంది గానీ ధర ఎక్కువ, చిన్న ముక్కలుగా దొరకడం కష్టం. నాలుగు కుండీలకి అంత శ్రమ అక్కర్లేదు.

అల్లిక రెండు రకాలు. గుండ్రటి సన్న దారంతో అల్లినది ఒకటి, చదునైన రిబ్బన్ లాంటి టేపుతో అల్లినది ఒకటి. దారం నెట్ ధర ఎక్కువ, కానీ గాలిని బాగా వదులుతుంది, ఎక్కువ కాలం ఉంటుంది. టేపు నెట్ గాలికి కాస్త తెరచాపలా ఉబ్బుతుంది. మూడో అంతస్తు దాటితే దారం నెట్టే తీసుకోండి. జీఎస్‌ఎం అంకె బరువుని చెబుతుంది, నీడని కాదు. రెండూ వేరు వేరుగా అడగాలి. యూవీ రక్షణ కలిపిన హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ అవునో కాదో తప్పక అడగండి. అది లేని నెట్ రెండో వేసవికి చేత్తో నలిపితే పొడిలా రాలుతుంది. భారతీయ ప్రమాణం కావాలంటే ఐఎస్ 16008 అని అడగొచ్చు.

నెట్‌కి బదులు ఇంట్లో ఉన్నవాటి సంగతి కూడా చెప్పాలి. పాత నూలు చీర వారం పది రోజులకి మంచి ప్రత్యామ్నాయమే, కానీ అది దట్టమైన నీడ, గాలికి ఎగిరి మొగ్గల్ని రాలగొడుతుంది. పాలియెస్టర్ చీర వద్దు, గాలి ఆడదు. వెదురు తడికా, వట్టివేళ్ల తడికా గదిని చల్లబరచడానికి పుట్టినవి. వాటి వెనక మొక్కకి వెలుతురు దాదాపు మిగలదు.

కుండీ గోడని మర్చిపోతారు

నెట్ ఎక్కడిదాకా దిగాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. రెయిలింగ్ పైనుంచి స్లాబు దాకా మాత్రమే కడతారు, ఎందుకంటే ఆకులు అక్కడే కనిపిస్తాయి. రెయిలింగ్ ఇనుప గ్రిల్ అయితే కింద నుంచి ఎండ సూటిగా కుండీ పక్క గోడని కొడుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ మీద మూడున్నరకి అరచేయి ఆనించి చూడండి, నాలుగైదు సెకన్లు కూడా ఉంచలేకపోతే లోపల ఆ వైపున్న వేళ్లు ఉడుకుతున్నట్టే. చాలా మొక్కల వేళ్లు మట్టి 38, 40 డిగ్రీలు దాటాక నీళ్లు సరిగ్గా పీల్చలేవు. అప్పుడు మట్టి తడిగా ఉన్నా మొక్క వాలిపోతుంది, మనం ఇంకా నీళ్లు పోస్తాం, వేళ్లు కుళ్లుతాయి. మల్చింగ్ ఈ ఇబ్బందిని తీర్చదు, అది పైభాగాన్నే కప్పుతుంది.

అందుకని గ్రిల్ రెయిలింగ్ ఉంటే నెట్ నేల దాకా దిగాలి. ఇటుక పిట్టగోడ ఉంటే దిగక్కర్లేదు, గోడే కుండీలకి నీడ. మూడడుగుల పిట్టగోడ నాలుగింటికి నేల మీద నాలుగడుగులకు పైగా నీడ వేస్తుంది. అలాంటి బాల్కనీలో స్టాండు మీద ఎత్తులో ఉన్న కుండీలే ఎక్కువ మాడతాయి, వాటిని మే, జూన్ నెలలకి కిందకి దించేస్తే సగం పని అయిపోతుంది.

మట్టి కుండీ గోడలోంచి తేమ ఆవిరవుతుంది కాబట్టి చల్లగా ఉంటుంది, కానీ త్వరగా ఎండుతుంది. నల్ల ప్లాస్టిక్‌ని మార్చలేకపోతే చుట్టూ గోనెసంచి ముక్క చుట్టండి, లేదా దాన్ని ఇంకో పెద్ద కుండీలో పెట్టి మధ్య ఖాళీలో కొబ్బరి పీచు దట్టించండి. తెల్ల సున్నం పూసినా పని చేస్తుంది.

మల్చింగ్: గాలికి ఎగరనిదే బాల్కనీకి మంచిది

తోటలో ఏది వేసినా చెల్లుతుంది. బాల్కనీలో మాత్రం మొదటి పరీక్ష గాలి. ఎండుటాకులు, వరి ఊక నాలుగో అంతస్తులో ఒక్క ఈదురుగాలికి కింది ఇంటివాళ్ల బట్టల మీదికి చేరతాయి.

మన దగ్గర సులువుగా దొరికేవాటిలో వేరుశనగ కాయ తొక్కలకే మా ఓటు. ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కదలవు, నీళ్లు మధ్యలోంచి జారతాయి, ఒక సీజన్‌కి మెత్తబడి మట్టిలో కలుస్తాయి. ఉప్పు వేసి ఉడకబెట్టిన కాయల తొక్కలు మాత్రం వద్దు, ఉప్పు కుండీలో పేరుకుంటుంది. రెండో స్థానం వరిగడ్డికి. పొడుగ్గా వేస్తే గాలి లాగేస్తుంది, రెండంగుళాల ముక్కలుగా నరికి, తడిపి పరిస్తే అణిగి ఉంటుంది. దాని మీద కొబ్బరి పీచుతో చేసిన గుండ్రటి చాప దొరికితే బోర్లించండి, ఏ గాలికీ కదలదు. ఆ చాప ఒక్కటే వేసుకున్నా పర్లేదు, కాకపోతే పలచన, అరంగుళం ఉండదు.

కోకోపీట్‌ని, అంటే కొబ్బరి పీచు పొట్టుని, పైన పరవడం అందరూ చేసేది, మేము వద్దనేది. అది మట్టిలో కలపడానికి మంచి సరుకు. పైన పొరగా వేస్తే ఎండకి అట్టకట్టి, ఒకసారి పూర్తిగా ఎండాక నీళ్లని పక్కలకి జార్చేస్తుంది. లేదంటే పోసిన లోటా నీళ్లు తానే తాగేసి కింద మట్టిని పొడిగా వదిలేస్తుంది. పైన తడిగా కనిపిస్తుంది కాబట్టి మనకి తెలియదు కూడా. కొబ్బరి డొక్క ముక్కలు అయితే పర్లేదు, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోశాక వాడండి. వాటిలో ఉప్పు ఉంటుంది.

గులకరాళ్లు ఎగరవు, అందంగా ఉంటాయి. ఆవిరిని కొంత ఆపుతాయి, కానీ పగలు తాగిన వేడిని చీకటి పడ్డాక కూడా మట్టిలోకి వదులుతాయి. కలబంద, ఎడారి గులాబీ కుండీలకి తెల్ల గులకరాళ్లు సరే, గులాబీకి వద్దు, నల్లరాళ్లు దేనికీ వద్దు. చెరకు పిప్పి చీమల్ని పిలుస్తుంది. పచ్చి రంపపు పొట్టు మట్టిలోని నత్రజనిని లాక్కుని ఆకుల్ని పసుపు చేస్తుంది. కూరగాయల తొక్కలు పచ్చివి వేస్తే దోమలు, ఈగలు. వాటిని కంపోస్ట్ డబ్బాలో వేసుకోవాలి.

ఎంత మందం? పన్నెండంగుళాల కుండీకి రెండంగుళాలు. అంగుళం వేస్తే ఎండ లోపలికి దిగుతుంది, మూడు దాటితే నీళ్లు మట్టిదాకా చేరవు. ఆ కుండీకి సుమారు మూడున్నర నుంచి నాలుగు లీటర్ల సరుకు పడుతుంది. చాలా కుండీల్లో మట్టి అంచు దాకా నిండి ఉంటుంది, పైన వేస్తే నీళ్లతోపాటు కొట్టుకుపోతుంది. ముందు వేళ్లు తెగకుండా పై మట్టి తీసి రెండంగుళాల జాగా చేసుకోండి. కుండీ అడుగున కారేదాకా నీళ్లు పోసి, అప్పుడు పరవండి. ఎండిన మట్టి మీద పరిస్తే ఆ పొడితనాన్నే కాపాడినట్టు. కాండం చుట్టూ రెండు వేళ్లంత ఖాళీ వదలండి. తడి పొర కాండానికి ఆనుకుంటే మొదలు దగ్గర బెరడు నల్లబడి మెత్తబడుతుంది, టమాటా, మిరపల్లో ఇది త్వరగా కనిపిస్తుంది.

ఒక బాల్కనీని లెక్కేసి చూద్దాం

విజయవాడలో మూడో అంతస్తు, పడమటి ముఖం. పొడవు పదడుగులు, లోతు నాలుగడుగులు, స్లాబు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు, రెయిలింగ్ ఇనుప గ్రిల్. కుండీలు పదకొండు: గులాబీలు రెండు, మిరప రెండు, టమాటా, తులసి, కరివేపాకు, మల్లె ఒక్కొక్కటి, అన్నీ పన్నెండంగుళాలవి. చిన్నవాటిలో పుదీనా, కలబంద, మనీప్లాంట్.

మే నెలలో ఒంటిగంటకి ఎండ నేల మీద రెండున్నర అడుగుల లోపలిదాకా వస్తుంది. రెండింటికల్లా నేలంతా ఎండే, మూడింటికి వెనక గోడ మీద ఎక్కుతుంది. అంటే గోడకి ఆనించిన కుండీలకి ఎండ ఆలస్యంగా తగులుతుంది గానీ, గోడ సెగ చీకటి పడ్డాక కూడా తగులుతూనే ఉంటుంది. గోడకి అరడుగు ఎడంగా జరపడం మంచిది. రెండింటప్పుడు కిరణాలు స్లాబు అంచు పక్కనుంచే దిగుతాయి కాబట్టి నెట్ పైన స్లాబు నుంచే మొదలవ్వాలి. పైన రెండడుగులు గాలికోసమని వదిలేస్తే ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య ఎండ ఆ సందులోంచే లోపలి కుండీల మీద పడుతుంది.

మల్లెకి నెట్ వద్దు. మార్చి నుంచి జూన్ దాకా దాని పూల కాలం, పూర్తి ఎండ కోరే మొక్క, నీళ్లు సరిగ్గా ఉంటే చాలు. కలబంద కూడా బయటే, ఎండకి ఎర్రబారితే కంగారు పడక్కర్లేదు. ఈ రెంటికీ దక్షిణం చివర రెండున్నర అడుగులు తెరిచి ఉంచుదాం. ఉత్తరం చివర ఎందుకు కాదంటే, మే మధ్యాహ్నం సూర్యుడు నేరుగా పడమర కాకుండా కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. ఉత్తరం సందు వదిలితే ఎండ ఏటవాలుగా మిగతా కుండీల మీదికి పాకుతుంది.

మిగిలింది ఏడున్నర అడుగుల వెడల్పు. షాపులో పదడుగుల పన్నా రోల్ నుంచి కోసిస్తారు, ఆ పన్నా మన ఎత్తుకి సరిపోతుంది. పొడవు రెండుంపావు మీటర్లకి బదులు రెండుముప్పావు మీటర్లు తీసుకోండి. అంచులు మడతపెట్టాలి, కాస్త వదులూ ఉండాలి. నాలుగంచులూ రెండంగుళాలు మడిచి, నైలాన్ దారంతో కుట్టి, అడుగుకొకటి చొప్పున ఐలెట్, అంటే కన్నం అంచుకి బిగించే లోహపు రింగు, వేయించండి. బూట్లు, బ్యాగులు బాగుచేసేవాళ్ల దగ్గర ఈ పని నిమిషాల్లో అవుతుంది. మడవకుండా నెట్ కన్నాల్లోనే తాడు దూర్చి కడితే మొదటి గాలివానకి ఆ వరసంతా విడిపోతుంది.

స్లాబు కింద రెండు చివర్లా హుక్కులు దిగ్గొట్టి, బట్టలారేసే ప్లాస్టిక్ పూత తీగ బిగుతుగా లాగి, రింగులతో నెట్ తగిలించండి. పక్కకి జరిపితే అడుగు వెడల్పులో ముడుచుకుంటుంది. తీగ గ్రిల్‌కి లోపలి వైపే ఉండాలి. బయట కడితే ఊడినప్పుడు కింద ఎవరి మీద పడుతుందో తెలియదు, చాలా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లు ఒప్పుకోవు కూడా. కింద బరువు కోసం పీవీసీ పైపు దూర్చమంటారు. గాలికి ఆ పైపు ఊగి కుండీల్ని పగలగొడుతుంది. దానికి బదులు కింది అంచుని మూడు చోట్ల తాడుతో గ్రిల్‌కి ముడేయండి. తెల్ల కేబుల్ టైలు వాడితే ఒక్క వేసవికే పెళుసై తెగుతాయి, నల్లవి లేదా నైలాన్ తాడు మేలు. కుండీల్ని నెట్‌కి కనీసం అరడుగు దూరం ఉంచండి. ఆనుకున్న ఆకు మీద నెట్ గళ్ల అచ్చు గోధుమరంగులో పడుతుంది.

మల్చింగ్ పన్నెండంగుళాల కుండీలు ఎనిమిదింటికీ. కుండీకి నాలుగు లీటర్ల లోపు లెక్కన దాదాపు 30 లీటర్లు, పాతిక కిలోల బియ్యం సంచి నిండా వేరుశనగ తొక్కలు అనుకోండి. పుదీనా తానే మట్టిని కప్పేస్తుంది, కలబందకి అక్కర్లేదు, మనీప్లాంట్‌ని లోపలి మూలకి జరిపితే దేనితోనూ పనిలేదు.

టమాటా విషయంలో ఆశ తగ్గించుకోవాలి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24, 25 దాటితే పూల పుప్పొడి సరిగ్గా పనిచేయక పూలు రాలిపోతాయి. నెట్ ఆకు వేడిని, కుండీ వేడిని తగ్గిస్తుంది గానీ గాలి వేడిని పెద్దగా తగ్గించలేదు. విజయవాడ మేలో టమాటా బతికి ఉంటే చాలు, జూన్ వానల తర్వాత కాస్తుంది. మిరప కొంత నయం, పూత రాలినా వేడి తగ్గిన వారంలో మళ్లీ నిలుస్తుంది.

బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఉంటే దాని ముందు నెట్ కట్టకండి. వేడిగాలి బయటికి పోక నెట్ లోపలే తిరుగుతుంది, ఏసీకీ చేటే. దాని గాలి తగిలే మూడడుగుల మేర ఏ మొక్కా పెట్టకూడదు.

నెట్ కట్టాక, మల్చింగ్ వేశాక

నీళ్ల లెక్క మారుతుంది, మార్చుకోనివాళ్లకే మొక్కలు పోతాయి. అంతకుముందు రోజుకి రెండుసార్లు పోసిన కుండీకి ఇప్పుడు పొద్దున ఒక్కసారి, అడుగున కారేదాకా, సరిపోవచ్చు. మల్చింగ్ పక్కకి జరిపి వేలు రెండు కణుపుల లోతు దించి చూడటం తప్ప దీనికి వేరే కొలత లేదు. అక్కడ తడి తగిలితే ఆగండి. ఎప్పుడూ తడిగా ఉంటే కింది ఆకులు పసుపు పచ్చగా మారతాయి, కుండీ కదిపితే నల్లటి బుల్లి ఈగలు లేస్తాయి.

మూడింటికి ఆకులు వాలి ఉన్నాయని పరుగెత్తి నీళ్లు పోయకండి. వేలికి తడి తగిలితే అది వేడికి మొక్క తనని తాను కాచుకుంటున్న తీరు, ఆరున్నరకల్లా లేచి నిలబడుతుంది. చీకటి పడ్డాక కూడా వాలి ఉంటేనే దాహం లేదా వేరు జబ్బు. మధ్యాహ్నం తప్పక పోయాల్సి వస్తే పైపులో నిలిచిన నీళ్లు ముందు బకెట్‌లోకి వదిలేయండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు అప్పుడు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి.

మాడిన మచ్చల్ని చదవడం నేర్చుకుంటే లోపం ఎక్కడో తెలుస్తుంది. పడమర వైపు ఆకుల మధ్యలో తెల్లగా, కాగితంలా పొడిబారిన మచ్చలుంటే ఎండ నేరుగా కొడుతోంది, నెట్‌లో సందు వెతకండి. ఆకు అంచులు, కొనలు మాత్రమే గోధుమరంగైతే దాహం లేదా మట్టిలో ఉప్పు. కొత్త కొమ్మలు సన్నగా సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకు పలచబడితే నీడ ఎక్కువైంది, నెట్‌ని పొద్దునపూట తీస్తున్నారో లేదో చూసుకోండి. ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, అడుగున సన్నని బూజులాంటి దారాలు కనిపిస్తే ఎర్రనల్లి అనే బుల్లి పురుగు. గాలి ఆడని, పొడిగా ఉన్న మూలల్లో వేసవిలో ఇది పెరుగుతుంది. మూడు రోజులకోసారి పొద్దునే ఆకుల అడుగుభాగం మీద నీళ్లు గట్టిగా చిమ్మితే తగ్గుతుంది.

ఏప్రిల్‌లో నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకి ప్రత్యేక జాగ్రత్త కావాలి. అది అప్పటిదాకా నెట్ నీడలోనే పెరిగి ఉంటుంది. నేరుగా పడమటి ఎండలో పెడితే రెండు రోజుల్లోనే మాడుతుంది. పది రోజులు లోపలి వరుసలో ఉంచి, తర్వాత ముందుకి జరపండి. ఎరువులు మే నెలంతా ఆపేయండి, వేడికి ఆగిపోయిన వేళ్లకి అవి ఉప్పులా తగులుతాయి.

నెట్ మార్చి మధ్యలో, ఎండ ముదరకముందే కట్టుకోవాలి. తీసేటప్పుడు తొందర వద్దు. జూన్‌లో మొదటి వాన పడగానే తీసేసి, మర్నాడు ఎండ కాస్తే మూడు నెలలు నీడకి అలవాటుపడ్డ లేత ఆకులు ఒక్క మధ్యాహ్నంలో తెల్లబడతాయి. మబ్బు పట్టిన వారం చూసి, మొదట రెండింటి దాకా తెరిచి ఉంచి, మూడు నాలుగు రోజుల తర్వాత పూర్తిగా తీసేయండి. కడిగి ఆరబెట్టి, ఎండ తగలనిచోట చుట్టి పెడితే అదే నెట్ మూడు నాలుగు వేసవులు వస్తుంది. మల్చింగ్‌ని కూడా వానలు మొదలయ్యాక పలచగా చేయాలి. తడి ఎక్కువైతే నత్తలు, కాండం కుళ్లు వస్తాయి. మెత్తబడిన తొక్కల్ని అదే కుండీ మట్టిలో కలిపేసి, అరంగుళం మాత్రం పైన ఉంచితే చాలు.